జాకెట్టు కూలి బదులు ఒక్క నొక్కు

జమాలుద్దీన్‌కి కుట్టుమిషను పక్కన చెవి పెడితే చాలు, దానికేం వచ్చిందో తెలిసిపోయేది. అనకాపల్లి మెయిన్‌రోడ్డుకి వెనకవైపు సందులో ఆరడుగుల వెడల్పు కొట్టులో ముప్ఫై ఏళ్లు అదే పని చేశాడు. గవరపాలెం నుంచీ, బుచ్చయ్యపేట నుంచీ కూడా ఆటోలో మిషను తలలు పట్టుకుని వచ్చేవారు. ఎవరొచ్చినా ముందు స్టూలు చూపించి, టీ చెప్పి, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు తీసేవాడు. అంత నిదానం మనిషి జీవితంలో ఒక్కసారి తొందరపడ్డాడు. నాకు ఇప్పటికీ కోపం దాని మీదే.

పని తగ్గిపోయిన మాట నిజం. ఆడవాళ్లు రెడీమేడ్ జాకెట్లకి అలవాటు పడ్డారు, కాలిమిషన్లు అటకెక్కాయి. రోజుకి ఏడెనిమిది మిషన్లు చూసిన కొట్టులో రెండొస్తే ఎక్కువ. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు మహేక్, తండ్రిని అబ్బా అని పిలిచే పిల్ల, అంది, "అబ్బా, మీరు రిపేరు చేస్తుంటే నేను వీడియో తీస్తాను, యూట్యూబ్‌లో పెడదాం" అని. ఈయన నవ్వాడు. "నా మొహం ఎవరు సూత్తారమ్మా?" అన్నాడు. మొహం చూపించక్కర్లేదు, చేతులు చాలంది పిల్ల.

అలా మొదలైంది. దారం ఎందుకు తెగుతుంది, కుట్టు ఎందుకు వదిలేస్తుంది, సూది దారాన్ని కింది షటిల్ సరిగ్గా అందుకునే టైమింగ్ ఎలా చూసుకోవాలి, ఇవే వీడియోలు. ఒక్కొక్కటి పది పన్నెండు నిమిషాలు. నూనె మరకల చేతులు, పక్క సందులోంచి ఆటో హారన్లు, మధ్యమధ్యలో "కంగారు పడకండమ్మా, మిషను మన మాట ఇంటాది" అనే ఆయన గొంతు. ఆ గొంతే జనానికి నచ్చింది.

డబ్బు రావాలంటే రెండు గడపలు దాటాలని మహేక్ మొదటి నెలలోనే చెప్పింది. వెయ్యిమంది చందాదారులు ఉండాలి. గడిచిన మూడువందల అరవై ఐదు రోజుల్లో జనం ఆ వీడియోలు చూసిన సమయం నాలుగువేల గంటలు కావాలి. లేదా షార్టులని పిలిచే చిన్న వీడియోలకి తొంభై రోజుల్లో కోటి చూపులు రావాలి. కోటి మాట వినగానే జమాలుద్దీన్ చెయ్యూపేశాడు. నాలుగువేల గంటలే నయమనుకున్నారు.

నయమేం కాదు. గంటలు పోగవుతుంటే వెనకనుంచి పాతవి జారిపోతుండేవి. ఏడాది దాటిన గంటలు లెక్కలోంచి పోతాయి కదా! మూడువేల రెండువందల దాకా ఎక్కి, పరీక్షల్లో మహేక్ రెండు నెలలు వీడియోలు తీయకపోయేసరికి రెండువేల తొమ్మిదివందలకి దిగింది. మధ్యలో ఒక షార్టు పేలింది. సూది విరిగిన ముక్కని అయస్కాంతంతో తీసే ముప్ఫై సెకన్ల వీడియో. మూడు లక్షల మంది చూశారు. సందంతా పండగ చేసుకుంది. పక్క కొట్టు టైలరు త్రినాధరావు లడ్డూలు పంచాడు. మహేక్ మాత్రం మెల్లిగా అంది, "ఇవి నాలుగువేల గంటల్లోకి రావు అబ్బా. షార్టుల లెక్క వేరు." లడ్డూ నోట్లో పెట్టుకున్న మనిషికి ఆ మాట ఎక్కుతుందా?

పందొమ్మిది నెలలకి రెండు గడపలూ దాటారు. అప్లికేషన్ పెట్టారు. యూట్యూబ్ వాళ్లు చానల్ మొత్తం చూసి చెప్పడానికి ఓ నెల పడుతుందన్నారు.

ఆ నెలలోనే అచ్యుతాపురం నుంచి చంద్రమౌళి వచ్చాడు. అక్కడి బట్టల ఫ్యాక్టరీలో మిషన్ల మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. జమాలుద్దీన్ చేతిపని పదేళ్లుగా ఎరిగినవాడు.

"భాయ్, మెకానిక్ పోస్టు ఒకటి కాళీ అయింది. పంతొమ్మిదివేలు. పీఎఫ్, ఈఎస్ఐ. బస్సు నెహ్రూ చౌక్‌లో ఎక్కించుకుంటాది. నీ వయసుకి ఒప్పుకోరు గానీ నేను మాటాడి పెట్టేను. అయిదో తారీకులోగా సెప్పాల" అన్నాడు.

జమాలుద్దీన్ భార్య బషీరాబీ ఆ మాట విని రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టుకుంది. ఆమెకి కావలసింది అంతే, ఒకటో తారీకున ఇంత అని వచ్చే డబ్బు. రెండేళ్లుగా ఏ రోజు ఎంత వండాలో కొట్టు మూశాక గానీ తెలియని బతుకైపోయింది.

మూడో తారీకు పొద్దున్న మెయిల్ వచ్చింది. చానల్‌కి డబ్బు సంపాదించే అర్హత వచ్చిందని. మహేక్ చదివి వినిపిస్తుంటే జమాలుద్దీన్ కళ్లు తుడుచుకున్నాడు. ఎక్కడో అమెరికా కంపెనీ సర్టిఫికెట్టు ముప్ఫై ఏళ్ల తన పనికి దొరికిందనుకున్నాడు. ఆ ఆనందాన్ని తప్పు పట్టలేను. తప్పు పట్టేది ఆ తర్వాత వేసిన లెక్కని.

లెక్క త్రినాధరావు వేసిచ్చాడు. "వెయ్యిమంది సూత్తే డాలరు మావా. నీకు మూడు లచ్చల మంది సూసేరు కదా. మూడొందల డాలర్లు. పాతికవేలు పైమాటే! ఇంక ఫ్యాక్టరీకి పోయి ఒకడి కింద సెయ్యడవేటి?"

"అది షార్టు అంకుల్. షార్టుకి అంత రాదు. అర్హత రాకముందు చూసినవాళ్లకి అసలే రాదు. మన పెద్ద వీడియోలన్నీ కలిపి నెలకి తొమ్మిదివేల మంది చూస్తున్నారు, అంతే" అంది మహేక్.

"తొమ్మిదివేలు పెరగవేటమ్మా? ఇప్పుడే కదా తలుపు తీసేరు!" అన్నాడు త్రినాధరావు.

బషీరాబీ రెండు రోజులు బతిమాలింది. "రెండూ చెయ్యండి. పగలు ఫ్యాక్టరీ, ఆదివారం వీడియోలు" అంది. ఎంత చక్కని మాట! దాన్ని పట్టుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ జమాలుద్దీన్‌కి కొట్టు మూసెయ్యడం అంటే ప్రాణం పోయినట్టుంది. కొట్టు లేకపోతే మిషన్లు రావు, మిషన్లు రాకపోతే వీడియోలు ఎక్కడివి అన్నాడు. అయిదో తారీకు సాయంత్రం చంద్రమౌళికి ఫోన్ చేసి "రాలేను బాబూ" అని చెప్పేశాడు. చెప్పి, టీ తెప్పించుకుని తాగాడు.

మొదటి నెల తిరిగింది. వచ్చిన డబ్బు నాలుగు డాలర్ల అరవై సెంట్లు. మన లెక్కలో మూడువందల తొంభై రూపాయలు.

"ఇది ఒక రోజుదా?" అన్నాడు.

"నెలది అబ్బా."

"మరి మూడొందల తొంభై అయినా చేతికి ఎప్పుడొత్తాది?"

మహేక్ ఆ ప్రశ్నకి భయపడుతూనే ఉంది. పది డాలర్లు పోగైతే ఇంటి చిరునామా సరైనదో కాదో చూడ్డానికి పోస్టులో ఒక నంబరు పంపుతారు. అది ఎక్కించాలి. వంద డాలర్లు పోగైతే గానీ బ్యాంకుకి రూపాయి రాదు. ఈ నడకన వంద అవ్వడానికి ఇరవై రెండు నెలలు.

జమాలుద్దీన్ లేచి, కొట్టులో ఉన్న పాత మిషనుకి అక్కర్లేకపోయినా నూనె పోశాడు. ఆ రోజు భార్యకి ఎంతొచ్చిందో చెప్పలేదు. "వస్తంది, వస్తంది" అన్నాడు. అబద్ధమాడటం అలవాటు లేనివాడికి అదొక నరకం. బషీరాబీ కళ్లలోకి చూడలేక మూడు రోజులు కొట్టులోనే అన్నం తిన్నాడు.

ఊళ్లో టైలర్లకి ఒక పద్ధతి ఉంది. వాళ్లలో ఎవరికి కష్టం వచ్చినా, ఆసుపత్రి అయినా చావు అయినా, తలా ఒక జాకెట్టు కూలి తీసి ఇస్తారు. పెద్ద టైలరైనా ఒక జాకెట్టే, ఇంట్లో కుట్టుకునే ఆడమనిషైనా ఒక జాకెట్టే. జమాలుద్దీన్ టైలరు కాకపోయినా వాళ్ల మనిషే. పండగ ముందు మిషను ఆగిపోతే పరుగెత్తుకెళ్లి బాగుచేసి, డబ్బులు తర్వాత ఇమ్మనేవాడు. చావింట్లో మిషను బాగుచేస్తే పైసా ముట్టేవాడు కాదు. ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం వదులుకున్న సంగతీ, చానల్ డబ్బు రాని సంగతీ త్రినాధరావు నోట పడి బజారంతా తెలిసింది. లేడీస్ టైలరు కుమారి కొట్టుకి వచ్చింది.

"భాయ్, మావందరం అనుకున్నాం. తలా ఒక జాకెట్టు కూలి ఏసి మీకిత్తాం. కాదనకండి" అంది.

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ పద్ధతిలో ముప్ఫై ఏళ్లుగా ఇచ్చే చెయ్యి తనది. పుచ్చుకునే చెయ్యి ఎప్పుడూ కాలేదు. "అంత కర్మ పట్టలేదమ్మా నాకు" అన్నాడు. కుమారి నొచ్చుకుంది. ఆ నొప్పి తీర్చాలనుకున్నాడో, తన పరువు దక్కించుకోవాలనుకున్నాడో, అప్పటికప్పుడు ఒక మాట తట్టింది. టైలర్ల వాట్సాప్ గ్రూపులో నూట నలభై మంది ఉన్నారు. ఫోన్ తీసి అందరికీ ఒకేసారి గొంతు రికార్డు చేసి పంపాడు.

"అందరికీ సలాం, నమస్కారం. నాకు జాకెట్టు కూలి వద్దమ్మా. మీ కష్టం నాకొద్దు. నా వీడియో పెట్టుకోండి. మద్దెలో ప్రకటన వత్తాది కదా, దాని మీద ఒక్క నొక్కు నొక్కండి. రోజుకి ఒక్క నొక్కు. మీకు పైసా కర్చు లేదు, నాకు మేలవుతాది."

అయ్యో జమాలుద్దీన్! అర్హత వచ్చిన రోజే మహేక్ నిబంధనలన్నీ చదివి వినిపించింది. మన వీడియో మీద ప్రకటన మనం నొక్కకూడదు, ఎవరినీ నొక్కమని అడగకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. ఆయన విన్నాడు కూడా. కానీ ఆయన బుర్రలో అది దొంగల గురించి రాసినది. ఎవరో మోసగాళ్లు డబ్బులిచ్చి నొక్కించుకుంటారట, వాళ్ల కోసం. తన అక్కచెల్లెళ్లు ప్రేమగా నొక్కితే అది మోసం ఎలా అవుతుంది?

వాళ్లు రోజుకి ఒక్కటితో ఆగలేదు. జాకెట్టు కూలి ఎగ్గొట్టామన్న మాట రాకూడదు కదా! దేవరాపల్లి సెంటరులో మిషన్లు పెట్టుకున్న అక్కలు వరసగా ఒకరి ఫోన్ మీద ఒకరు నొక్కారు. త్రినాధరావైతే తన ముగ్గురు కుర్రాళ్ల ఫోన్లలో కూడా నొక్కించాడు. రోజుకి పదిహేను సెంట్లు వచ్చే చోట రెండు డాలర్లు, తర్వాత నాలుగు, ఒక రోజు ఏడు. పదకొండు రోజుల్లో ముప్ఫై ఎనిమిది డాలర్లు. జమాలుద్దీన్ ఆ అంకెని చూసుకుని చూసుకుని, చివరికి బషీరాబీకి చూపించాడు. ఆమె ఆ రోజు మేకమాంసం తెప్పించి వండింది.

మహేక్ సెమిస్టర్ పరీక్షలు రాసి వచ్చి లెక్క తెరిచి చూసింది. చూపులు అంతే ఉన్నాయి. డబ్బు మాత్రం ఎక్కడికో ఎగబాకింది. పిల్ల ముఖం పాలిపోయింది.

"అబ్బా, ఏం చేశారు?"

ఆయన గర్వంగా ఆ వాయిస్ మెసేజ్ వినిపించాడు. సగంలోనే ఆ పిల్ల ఏడుపు మొదలెట్టింది. అప్పటికప్పుడు గ్రూపులో వద్దని చెప్పించింది. కుమారి తిరిగి ఫోన్ చేసి, "ఏటి భాయ్, మా నొక్కుళ్లు సాల్లేదా?" అంది అమాయకంగా.

ఆరో రోజున మెయిల్ వచ్చింది. చెల్లని క్లిక్కుల వల్ల ప్రకటనల ఖాతా మూసేశామని, అందులో ఉన్న డబ్బు ప్రకటనలిచ్చిన వాళ్లకి తిరిగిచ్చేస్తామని. ఈ మనిషి పేరుతో మళ్లీ ఖాతా తెరవడానికి లేదు. ఈ చానల్‌ని ఇంకొకరి ఖాతాకి తగిలించినా నిబంధన తప్పించుకోవడం కిందే లెక్క. అప్పీలు పెట్టుకోవచ్చు.

అప్పీలు ఆయనే చెప్పాడు, మహేక్ ఇంగ్లీషులో రాసింది. దాచొద్దమ్మా, ఉన్నది ఉన్నట్టు రాయి అన్నాడు. "నొక్కమన్నది నేనే. వాళ్లు డబ్బు తీసుకోలేదు. వాళ్లకి నేనంటే అభిమానం. నాకు జాకెట్టు కూలి ఇస్తామంటే వద్దని, దాని బదులు ఇది అడిగాను. తప్పని నాకు అర్థం కాలేదు. ఒక్కసారికి క్షమించండి." జాకెట్టు కూలిని ఇంగ్లీషులో ఏమనాలో తెలియక మహేక్ రెండు వాక్యాలు రాయాల్సి వచ్చింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఖాతా మూసే ఉంటుందని, ఇదే ఆఖరి మాటని. నిజం చెప్పినందుకు ఒక్క పదం కూడా లేదందులో.

ఇక మిగిలింది అచ్యుతాపురమే. పరువు పక్కన పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంపెనీ బస్సు తనది కాదు కనక టికెట్టు కొనుక్కుని బస్సెక్కాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాక చంద్రమౌళి బయటికి వచ్చాడు.

"రెండు నెలలు దాటిపోయింది భాయ్. నువ్వొద్దన్నావని ఆ వారవే ఇంటర్వ్యూలు పెట్టేం. మనిషొచ్చేసేడు. ఇంక పోస్టులేవీ లేవు. నీ వయసుకి ఇంకోసారి మాటాడ్డం నా వల్ల కాదు" అన్నాడు. చెడ్డవాడు కాడు. చెబుతుంటే అతనికీ ఇబ్బందిగానే ఉంది.

అంతలో లోపల్నుంచి పాతికేళ్లవాడొకడు నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చంద్రమౌళిని ఏదో అడగబోయి, జమాలుద్దీన్ గొంతు విని ఆగిపోయాడు. ఆయన చేతుల వంక చూశాడు. మళ్లీ ముఖం వంక చూశాడు.

"సార్, తమరు జమాల్ భాయ్ కాదా? కుట్టుమిషను వీడియోలు?" అంటూనే వంగి కాళ్లకి దండం పెట్టేశాడు. "నా పేరు అప్పలరాజు సార్, మాది దేవరాపల్లి దగ్గర. నాకు గురువంటే తమరే. ఇంటర్వ్యూలో షటిల్ టైమింగ్ సెట్ సెయ్యమన్నారు సార్. అంతకు ముందు రోజంతా తమరి వీడియో ఒక్కటే పద్నాలుగుసార్లు సూసేను. ఎదర కూసుని నేర్పినట్టుంది. దెబ్బకి ఉజ్జోగం ఇచ్చేసేరు!"

జమాలుద్దీన్ లోపల ఏదో భగ్గుమంది. ఆ కుర్రాడి చెంప పగలగొట్టాలనిపించింది, నిజం. మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. వాడేం చేశాడు పాపం? నేర్చుకున్నాడు. నేర్చుకోవాలనే కదా తను చెప్పింది.

"జీతం ఎంతిత్తన్నారు బాబూ?" అన్నాడు. తెలిసిన సంగతే అయినా అడిగాడు.

"పంతొమ్మిదివేలు సార్! మా అమ్మ నమ్మడం లేదు." అప్పలరాజు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "తమరికీ బాగా వత్తాది కద సార్? మేం సూత్తే తమరికి డబ్బులంట కద. అందుకే నేను ప్రకటన ఒక్కటీ దాటెయ్యలేదు సార్, పూర్తిగా సూసేవోణ్ని."

"వత్తాది బాబూ, బాగా వత్తాది" అన్నాడు జమాలుద్దీన్.

బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి కుట్టు వదిలేస్తోంది, ఎంత చూసినా అంతు చిక్కట్లేదు సార్ అని అప్పలరాజు అడిగాడు. కొత్త సూది వేశావా, కింద దారం అల్లే లూపరుకీ సూదికీ మధ్య ఎంత సందుంది, దారం దారి మార్చి చూశావా అని ఒక్కొక్కటే అడిగి, గేటు ఇవతల నిలబడే తప్పెక్కడో చెప్పాడు. కుర్రాడు లోపలికి పరుగెత్తాడు. కాసేపటికి అక్కడినుంచే బొటనవేలు ఎత్తి చూపించాడు. మిషను నడిచిందన్నమాట. పాసు లేనివాళ్లు గేటు దగ్గర ఉండకూడదని సెక్యూరిటీవాడు రెండోసారి చెప్పాక జమాలుద్దీన్ రోడ్డు మీదికి నడిచాడు.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. బషీరాబీ గుమ్మంలోనే ఉంది. ముఖం చూసి లోపలికెళ్లి కంచం పెట్టింది. ఆయన అన్నం కలుపుకున్నాడు గానీ తినలేదు. ఎదురుగా కూర్చున్న కూతురికి జరిగిందంతా చెప్పాడు. అప్పలరాజు సంగతి కూడా. ఏమీ దాచలేదు.

"ఒక్క మాట సెప్పమ్మా. ఆడు పద్నాలుగుసార్లు సూసేనన్నాడు కదా. ప్రకటనలు కూడా దాటకుండా. దానికి మనకి ఎంతొచ్చి ఉంటాది?"

మహేక్ ముందు ఆయన కంచం దగ్గరికి జరిపింది. లెక్క తెలియక కాదు.

"అర్ధరూపాయికి కాస్త ఎక్కువ అబ్బా. అది కూడా వెనక్కి తీసేసుకున్నారు."